‘రీఫండ్ ప్రాసెస్‌లో ఉంది’ అంటే డబ్బు ఎవరి దగ్గర ఉన్నట్టు?

విమానం టికెట్ క్యాన్సిల్ చేసుకున్న మనిషికి ట్రావెల్ ఏజెన్సీ నుంచి వచ్చే మెసేజ్ సాధారణంగా ఇలా ఉంటుంది:

“ప్రియమైన కస్టమర్, మీ రీఫండ్ విజయవంతంగా ఇనిషియేట్ చేయబడినది. ఎయిర్‌లైన్ మరియు బ్యాంకు నిబంధనలను అనుసరించి 7 నుంచి 30 పని దినములలో సంబంధిత మొత్తం మీ ఖాతాకు జమ చేయబడును. జాప్యమునకు మా సంస్థ బాధ్యత వహించదు. అసౌకర్యమునకు చింతిస్తున్నాము.”

ఇందులో పచ్చి అబద్ధం ఒక్కటీ లేదు. అయినా దీన్ని చదివిన ప్రయాణికుడు చేసే మొదటి పని ఫోన్ తీసి ఏజెన్సీకి కొట్టడం. “ఏమండీ, ఇంతకీ నాకెంత వస్తుంది? ఎప్పుడు పడుతుంది?” అని అడగడం. తెలుసుకోవాలనుకున్న రెండు సంగతులూ మెసేజ్‌లో లేవు మరి. ఎంత అనేది ‘సంబంధిత మొత్తం’ అన్న మాట కింద దాక్కుంది. ఎప్పుడు అనేదానికి వారమైనా కావచ్చు, నెలన్నరైనా కావచ్చు అన్నట్టుంది. ఆ రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టుకోవాలో కూడా చెప్పలేదు.

ఇలాంటి మెసేజ్‌ను దిద్దడమంటే భాషను నున్నగా చేయడం కాదు. ‘చేయబడినది’ తీసేసి ‘చేశాం’ అని రాయాలని కూర్చుంటే, ఎవరు చేశారు, ఏం చేశారు అన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది. దానికి జవాబు తెలియాలంటే డబ్బు నడిచే దారి తెలియాలి. చాలా ఏజెన్సీల్లో మెసేజ్ రాసేవారికి ఆ దారి పూర్తిగా తెలియదు. తెలిసినవారు కౌంటర్ మీద టికెట్లు కొడుతూ ఉంటారు, వారికి మెసేజ్ రాసే తీరిక ఉండదు.

ఒక లెక్క తీసుకుందాం. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే, పద్ధతి మాత్రం నిజంగా జరిగేదే. విజయవాడలోని ఒక ఏజెన్సీ దగ్గర ఒకాయన హైదరాబాద్–ఢిల్లీ టికెట్ కొన్నాడు. క్రెడిట్ కార్డు మీద 7,150 రూపాయలు కట్టాడు. అందులో టికెట్ 6,850, ఏజెన్సీ బుకింగ్ ఫీజు 300. జూన్ 2, సోమవారం నాడు పని పడి ప్రయాణం మానుకుని క్యాన్సిల్ చేయించాడు.

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది. కార్డు స్టేట్‌మెంట్‌లో ఎవరి పేరు పడింది? ఎయిర్‌లైన్ పేరు పడితే డబ్బు నేరుగా ఎయిర్‌లైన్ తీసుకున్నట్టు. తిరిగి రావాలన్నా అక్కడి నుంచి నేరుగా కార్డుకే వస్తుంది, ఏజెన్సీ చేతికి రాదు. ఏజెన్సీ పేరు పడితే కథ వేరు. ఏజెన్సీ తన ఖాతాలోకి డబ్బు తీసుకుని, ఎయిర్‌లైన్‌కు తన లెక్కలో విడిగా కట్టింది. తిరుగు ప్రయాణంలో కూడా ఎయిర్‌లైన్ ముందు ఏజెన్సీకి ఇవ్వాలి, ఆ తర్వాత ఏజెన్సీ ప్రయాణికుడికి పంపాలి. మన ఉదాహరణలో ఏజెన్సీ పేరే పడింది.

ఎయిర్‌లైన్‌కు ఏజెన్సీ డబ్బు కట్టే పద్ధతులు ముఖ్యంగా రెండు. చవక టికెట్ల కంపెనీల దగ్గర ఏజెంటుకు ఒక వాలెట్ ఉంటుంది. అందులో ముందే డబ్బు వేసి ఉంచుతాడు, టికెట్ కొట్టినప్పుడల్లా అందులోంచి తరుగుతుంది. క్యాన్సిల్ చేస్తే ఛార్జీలు పోను మిగిలింది చాలాసార్లు అప్పటికప్పుడే ఆ వాలెట్‌లోకి తిరిగి వస్తుంది. ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. ఇలాంటి టికెట్ల విషయంలో ‘ఎయిర్‌లైన్ ఇంకా ఇవ్వలేదండి’ అనే మాట చాలాసార్లు నిజం కాదు. డబ్బు వాలెట్‌కు వచ్చేసి ఉంటుంది, దాంతో వేరేవాళ్ల టికెట్ కూడా కొట్టేసి ఉంటారు. ప్రయాణికుడికి పంపాల్సింది మాత్రం అలాగే ఉండిపోతుంది.

రెండో పద్ధతి పెద్ద ఎయిర్‌లైన్లది. ప్రపంచ విమానయాన సంస్థల సంఘం అయాటా నడిపే బీఎస్పీ అనే ఉమ్మడి లెక్కల ఏర్పాటు ద్వారా ఏజెంట్లు కొట్టిన టికెట్ల డబ్బంతా సాగుతుంది. ఏజెంటు ఒక్కో ఎయిర్‌లైన్‌కు విడివిడిగా కట్టడు. ఆ గడువులో అమ్మినవన్నీ కలిపి ఒక బిల్లు వస్తుంది, దాన్ని ఒకేసారి చెల్లిస్తాడు. రీఫండ్ కూడా అదే బిల్లులో తగ్గింపుగా వస్తుంది. అంటే ఎయిర్‌లైన్ ఈ రోజు ‘సరే’ అన్నా, ఏజెంటుకు ఆ డబ్బు దక్కేది తర్వాతి బిల్లు లెక్క తేలినప్పుడే.

టికెట్ కొన్న రోజే, ఆ రోజు అమ్మకాల లెక్క ముగియకముందే క్యాన్సిల్ చేస్తే దాన్ని వాయిడ్ అంటారు. అప్పుడు టికెట్ బిల్లులోకే ఎక్కదు కాబట్టి ఈ తిప్పలేవీ ఉండవు. మర్నాటి నుంచి అది వాయిడ్ కాదు, రీఫండ్. ఈ తేడా ప్రయాణికుడికి ముందే తెలిస్తే కొందరైనా ఆ రాత్రే నిర్ణయం తీసుకుంటారు.

మన ప్రయాణికుడిది ఈ రెండో రకం టికెట్. ఏజెంటు దాని 13 అంకెల నంబరుతో సిస్టంలో టికెట్ తెరిచి చూస్తాడు. మొదటి మూడు అంకెలూ ఎయిర్‌లైన్‌వి, ఎయిర్ ఇండియా అయితే 098. ప్రయాణానికి ఎదురుగా OPEN అని కనపడితేనే రీఫండ్ ముందుకు కదులుతుంది. ప్రయాణికుడు ముందురోజు ఫోన్‌లో వెబ్ చెక్-ఇన్ చేసుకుని, తర్వాత మానుకున్నాడనుకోండి. టికెట్ OPEN అని కాకుండా చెక్-ఇన్ అయినట్టు చూపిస్తుంది. ఎయిర్‌లైన్ ఆ చెక్-ఇన్‌ను వెనక్కి తీస్తే తప్ప రీఫండ్ పడదు. ఈ చిన్న మెలిక వల్ల రోజులు గడిచిపోయే కేసులు ఉంటాయి, మెసేజ్‌లో మాత్రం ‘సాంకేతిక కారణాలు’ అని వస్తుంది. ‘మీ చెక్-ఇన్ రద్దు చేయమని ఎయిర్‌లైన్‌ను అడిగాం’ అని రాస్తే అది కూడా ఒక్క వాక్యమే కదా.

ఛార్జీల లెక్క తర్వాతది. ఎయిర్‌లైన్ క్యాన్సిలేషన్ ఛార్జీ 3,999 అనుకుందాం, ఏజెన్సీ తన పనికి 250 తీసుకుంటుంది. 6,850లో ఈ రెండూ పోతే 2,601. బుకింగ్ ఫీజు 300 తిరిగి రాదు. ప్రయాణికుడి మనసులో మాత్రం 7,150 అనే అంకే ఉంటుంది. 2,601 పడినప్పుడు మిగతాది ఇంకా రావాలేమో అనుకుని మళ్లీ ఎదురుచూస్తాడు. అందుకే మెసేజ్‌లో మొదట రావాల్సింది తేదీ కాదు, ఈ తీసివేత.

ఈ తీసివేతకు కొన్ని హద్దులు ఉన్నాయి. దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధనల ప్రకారం క్యాన్సిలేషన్ ఛార్జీ మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జి కలిపిన మొత్తాన్ని మించకూడదు. అసలు రీఫండే లేని చవక టికెట్ అయినా, ప్రయాణం చేయకపోతే విమానాశ్రయ వినియోగ రుసుము వంటి చట్టబద్ధమైన పన్నులు, రుసుములు తిరిగి ఇవ్వాలి. ‘మీది నాన్-రిఫండబుల్ అండి, రూపాయి రాదు’ అని మెసేజ్ పెట్టే ఏజెన్సీ ఒకసారి టికెట్ విడమరిచి చూసుకోవడం మంచిది. రీఫండ్ ప్రాసెస్ చేసినందుకు ఎయిర్‌లైన్ వేరే రుసుము వేయకూడదు. డబ్బుకు బదులు ‘క్రెడిట్ షెల్’లో ఉంచుకోవాలా అన్నది ప్రయాణికుడి ఇష్టం, ఎయిర్‌లైన్ తనంతట తాను నిర్ణయించేది కాదు.

గడువు దగ్గరికి వస్తే మెసేజ్‌లో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. క్రెడిట్ కార్డుతో కొన్న టికెట్‌కు ఏడు రోజుల్లో రీఫండ్ ఇవ్వాలన్న నియమం ఉన్న మాట నిజం. కొన్ని ఏజెన్సీలు ఆ ఏడునే తెచ్చి తమ మెసేజ్‌లో అతికిస్తాయి. ఏజెంటు ద్వారా కొన్న టికెట్లకు 2016లో సవరించిన నిబంధనలు పెట్టిన గడువు 30 పని దినాలు. శని, ఆదివారాలు తీసేస్తే, మధ్యలో పండగ సెలవులేవీ రాకపోయినా, జూన్ 2న క్యాన్సిల్ అయిన టికెట్‌కు ఆ గడువు జూలై 14 దాకా పోతుంది. ‘30 పని దినాలు’ చదివినవాడు నెల అనుకుంటాడు, అది ఆరు వారాలు. ఈ గడువును 21 పని దినాలకు తగ్గించాలని డీజీసీఏ 2025 నవంబరులో ముసాయిదా కూడా విడుదల చేసింది. కాబట్టి ఎప్పుడో రాసిపెట్టుకున్న అంకెను అలాగే పంపుతూ పోకుండా, అమల్లో ఉన్న నియమం ఏదో డీజీసీఏ సైట్‌లో చూసి, దాన్ని క్యాలెండర్ తేదీగా మార్చి రాయాలి.

‘జాప్యమునకు మా సంస్థ బాధ్యత వహించదు’ అన్న వాక్యాన్ని నిస్సంకోచంగా కొట్టేయవచ్చు. ఏజెంట్లు తాము నియమించుకున్న ప్రతినిధులే కాబట్టి వారి ద్వారా కొన్న టికెట్ రీఫండ్ బాధ్యత కూడా ఎయిర్‌లైన్‌దేనని నిబంధన చెబుతుంది. అందుకని ‘మీ ఏజెంటును అడగండి’ అని ఎయిర్‌లైన్ చేతులు దులుపుకోవడం ఎంత తప్పో, తన ఖాతాలోకి వచ్చిన డబ్బు పంపకుండా ‘మాకు సంబంధం లేదు’ అని ఏజెన్సీ రాయడం అంతే తప్పు. కోవిడ్ లాక్‌డౌన్ టికెట్ల కేసులో సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న ఇచ్చిన తీర్పులో కూడా ఎయిర్‌లైన్ ఇచ్చిన రీఫండ్‌ను ఏజెంటు వెంటనే ప్రయాణికుడికి చేర్చాలని ఉంది. తీర్పు వచ్చాక కూడా ఆ డబ్బంతా వెంటనే చేరలేదు. ఒక్క యాత్రా ఆన్‌లైన్ సంస్థ దగ్గరే 2021లో సుమారు 26 కోట్ల రూపాయల కోవిడ్ రీఫండ్లు పెండింగ్‌లో ఉన్నాయని, 2024 జూన్ నాటికి కూడా రెండున్నర కోట్లు మిగిలాయని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తన ఆదేశంలో లెక్కచెప్పింది.

విమానాన్ని ఎయిర్‌లైనే రద్దు చేస్తే రీఫండ్ తొందరగా రావాలి అనిపిస్తుంది. ఏజెన్సీ టికెట్లలో ఒక్కోసారి దానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. కారణం వింతగా ఉంటుంది. మామూలు క్యాన్సిలేషన్ అయితే ఏజెంటు తన సిస్టంలోనే బటన్ నొక్కి, ఛార్జీలు తరిగి, రీఫండ్ తీసుకోగలడు. పూర్తి డబ్బు రావాలంటే ఛార్జీ మాఫీ చేస్తున్నట్టు ఎయిర్‌లైన్ నుంచి ఒక వేవర్ కోడ్ కావాలి, లేదా రీఫండ్ దరఖాస్తు పంపి వారి ఆమోదం కోసం ఆగాలి. కోడ్ లేకుండా పూర్తి మొత్తం తీసుకుంటే కొన్నాళ్లకు ఎయిర్‌లైన్ నుంచి ఏడీఎం వస్తుంది. అంటే తీసుకున్న తేడాను తిరిగి కట్టమనే డెబిట్ మెమో. చిన్న ఏజెన్సీకి ఏడీఎం అంటే హడల్, ఎందుకంటే అప్పటికి ప్రయాణికుడికి డబ్బు ఇచ్చేసి ఉంటారు, కట్టాల్సింది సొంత జేబులోంచి.

2025 డిసెంబరులో ఇండిగో పెద్దసంఖ్యలో విమానాలు రద్దు చేసినప్పుడు ఈ మధ్య మెట్టు దేశమంతటికీ కనపడింది. డిసెంబరు 7 రాత్రి 8 గంటలకల్లా రీఫండ్లు పూర్తిచేయాలని పౌర విమానయాన శాఖ ఆదేశించింది. 610 కోట్ల రూపాయల రీఫండ్లు ప్రాసెస్ అయ్యాయని కూడా ప్రకటించింది. అయితే ట్రావెల్ పార్ట్‌నర్ల ద్వారా కొన్నవారి పూర్తి వివరాలు తమ సిస్టంలో ఉండకపోవచ్చని, సాయం కావాలంటే తమకు రాయమని ఇండిగో ఆ ప్రయాణికులను కోరాల్సి వచ్చింది. ప్రయాణికుడు ఏ కార్డుతో కట్టాడో ఎయిర్‌లైన్‌కు తెలియదు, అది తెలిసింది ఏజెన్సీకే.

‘ఏజెన్సీయే ముందు ఇచ్చేసి, తర్వాత ఎయిర్‌లైన్ దగ్గర తీసుకోవచ్చు కదా’ అని అడిగేవారు ఉన్నారు. పాత ఖాతాదారులకు కొన్ని ఏజెన్సీలు అలా ఇస్తాయి కూడా. అందరికీ ఎందుకు ఇవ్వలేవో 2023 మేలో గో ఫస్ట్ చూపించింది. దివాలా పిటిషన్ వేసి మే 3 నుంచి విమానాలు ఆపేసింది. దివాలా చట్టం కింద మారటోరియం రావడంతో ప్రయాణికుల రీఫండ్లతోపాటు ఏజెంట్ల వాలెట్లలోని డబ్బు కూడా ఇరుక్కుపోయింది. 2025 జనవరిలో కంపెనీని లిక్విడేషన్‌కు పంపుతూ ట్రైబ్యునల్ ఆదేశం వచ్చింది. ముందుగా సొంత డబ్బు ఇచ్చేసిన ఏజెంటు ఆ అప్పులవాళ్ల వరుసలో నిలబడాల్సిందే.

ఎయిర్‌లైన్ నుంచి డబ్బు ఏజెన్సీకి చేరాక ఇంకో మజిలీ మిగిలే ఉంది. ఏజెన్సీ తన పేమెంట్ గేట్‌వేలోకి వెళ్లి 2,601 రూపాయలకు రీఫండ్ పెడుతుంది. ఇది పాత చెల్లింపును చెరిపేయడం కాదు. గేట్‌వే, దాని బ్యాంకు, కార్డు నెట్‌వర్కు, ప్రయాణికుడి బ్యాంకు వరుసగా దాటుకుంటూ వెనక్కి నడిచే కొత్త లావాదేవీ. అది కార్డులో కనపడటానికి సాధారణంగా 5 నుంచి 7 పని దినాలు. గేట్‌వేలో ఏజెన్సీకి ఆ రోజు సరిపడా నిల్వ లేకపోతే రీఫండ్ అక్కడే ఆగుతుంది, ఈ సంగతి ప్రయాణికుడికి ఎవరూ చెప్పరు. కట్టిన మార్గంలోనే తిరిగి పంపాలన్నది రిజర్వ్ బ్యాంకు పేమెంట్ అగ్రిగేటర్లకు పెట్టిన నియమం, ప్రయాణికుడు ఒప్పుకుంటే తప్ప వేరే మార్గం లేదు. అందుకే మెసేజ్‌లో ‘మీ ఖాతాకు’ అన్న మాట తప్పుదారి పట్టిస్తుంది. క్రెడిట్ కార్డుతో కట్టినాయన సేవింగ్స్ పాస్‌బుక్ చూసుకుంటూ కూర్చుంటాడు, డబ్బు కార్డు స్టేట్‌మెంట్‌లో ఎప్పుడో పడి ఉంటుంది.

కార్డుకు పంపిన రీఫండ్‌కు ఏఆర్ఎన్ అనే 23 అంకెల నంబరు వస్తుంది. యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్సు నంబరు. ఆ నంబరు చేతిలో ఉంటే ప్రయాణికుడు తన బ్యాంకునే నేరుగా అడగగలడు. నంబరు లేకుండా ‘రీఫండ్ పంపేశాం’ అంటే నమ్మడానికి ఆధారం లేదు.

వాట్సాప్‌లో తిరిగే ఒక మాట కూడా ఏజెన్సీలకు తలనొప్పి తెస్తుంటుంది. అయిదు రోజులు దాటితే రోజుకు వంద రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పిందంటారు. 2019 సెప్టెంబరు నాటి ఆ ఉత్తర్వు విఫలమైన లావాదేవీల గురించి. అంటే ఖాతాలో డబ్బు కోసుకుని, అవతల చెల్లింపు అందినట్టు నమోదు కాని సందర్భం. టికెట్ వచ్చి, తర్వాత మనం క్యాన్సిల్ చేసుకున్నదానికి అది వర్తించదు. డబ్బు పోయి టికెట్ రాని ప్రయాణికుడికీ, టికెట్ క్యాన్సిల్ చేసిన ప్రయాణికుడికీ ఒకే మెసేజ్ పంపే ఏజెన్సీలు ఈ గందరగోళాన్ని తామే పెంచుతున్నాయి.

ఇవన్నీ తెలిశాక మొదటి మెసేజ్ ఇలా మారుతుంది:

“నమస్కారమండి. మీ హైదరాబాద్–ఢిల్లీ టికెట్ జూన్ 2న క్యాన్సిల్ చేశాం. మీరు కట్టింది 7,150. ఎయిర్‌లైన్ ఛార్జీ 3,999, మా బుకింగ్ ఫీజు 300, క్యాన్సిలేషన్ ఫీజు 250 పోను మీకు వచ్చేది 2,601 రూపాయలు. ఈ డబ్బు ఇప్పుడు ఎయిర్‌లైన్ దగ్గర ఉంది. రీఫండ్ దరఖాస్తు జూన్ 3న పంపాం. మాకు చేరిన రెండు పని దినాల్లో మీరు కట్టిన క్రెడిట్ కార్డుకే పంపిస్తాం. ఆ తర్వాత కార్డులో కనపడటానికి 5 నుంచి 7 పని దినాలు పట్టవచ్చు. జూన్ 16న ఎంతవరకు వచ్చిందో మేమే చెబుతాం.”

జూన్ 16న డబ్బు రాకపోయినా మెసేజ్ వెళ్లాలి, ‘ఇంకా రాలేదు, ఈ రోజు మళ్లీ అడిగాం’ అని. ఏజెన్సీలు తప్పించుకునేది ఈ మెసేజ్‌నే. డబ్బు వచ్చాక చివరిది చాలా చిన్నది: “మీ 2,601 రూపాయలు ఈ రోజు కార్డుకు పంపాం. ఏఆర్ఎన్ నంబరు ఇది. వారంలో కనపడకపోతే ఈ నంబరుతో మీ బ్యాంకును అడగండి.” మొత్తం మూడు మెసేజ్‌లు. ‘అసౌకర్యమునకు చింతిస్తున్నాము’ అన్నది మూడింటిలోనూ లేదు, ఎవరూ దాని కోసం వెతకరు.

అమెరికాలో ఉండి హైదరాబాద్ టికెట్లు అక్కడి ఏజెంట్ల దగ్గర కొనే తెలుగువారికి గడువులు వేరు. అక్కడి రవాణా శాఖ నియమం ప్రకారం రీఫండ్‌కు అర్హత ఉన్న టికెట్‌కు క్రెడిట్ కార్డు అయితే 7 పని దినాలు, ఇతర చెల్లింపులైతే 20 రోజులు. స్టేట్‌మెంట్‌లో ఏజెంటు పేరు ఉంటే ఇవ్వాల్సింది ఏజెంటే. అయితే టికెట్ రీఫండ్‌కు అర్హమేనని ఎయిర్‌లైన్ ధ్రువీకరించాకే ఆ రోజుల లెక్క మొదలవుతుంది.

ఏజెన్సీ మెసేజ్ ఎంత అస్పష్టంగా ఉన్నా ప్రయాణికుడు రాతపూర్వకంగా అడిగి తెప్పించుకోదగ్గవి ఉన్నాయి: క్యాన్సిల్ చేసిన తేదీ, తిరిగి వచ్చే మొత్తం, ఎయిర్‌లైన్ నుంచి ఏజెన్సీకి డబ్బు చేరిందా లేదా, చేరి పంపేస్తే రిఫరెన్సు నంబరు. గడువు దాటినా జవాబు లేకపోతే ఈ కాగితాలతోనే పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఎయిర్‌లైన్ మీద, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఏజెన్సీ మీద ఫిర్యాదు చేయవచ్చు.